మా పెద్దమ్మాయికి పదో తరగతిలో 583: స్కూల్ ఫస్ట్! (మీ అందరి ఆశీస్సులు కావాలి)

బంగారుతల్లి నాన్న
అందరికీ నమస్కారం. ఎప్పుడూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నా. మా పెద్దమ్మాయి 2025 పదో తరగతి పరీక్షల్లో 600కి 583 తెచ్చుకుంది. మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు, అమ్మాయి చదివింది జిల్లా పరిషత్ హైస్కూలు. స్కూల్ ఫస్ట్. మండలంలో గవర్నమెంట్ స్కూళ్లన్నిటిలో రెండోది, పక్క ఊరి అమ్మాయికి 586 వచ్చింది.

తెలుగు 98, హిందీ 99, ఇంగ్లీషు 97, లెక్కలు 100, సైన్సు 99, సోషల్ 90.

నేను కరెంటు పని చేస్తాను. వాళ్లమ్మ మిషన్ కుడుతుంది. ట్యూషన్ పెట్టింది లేదు. స్కూల్లో సార్లు సాయంత్రం స్టడీ అవర్ పెట్టారు, అదే ట్యూషన్. రిజల్ట్ చూసిన దగ్గర్నుంచి వాళ్లమ్మ ఫోన్ కింద పెట్టలేదు, పెద్దాపురం చెల్లెలికి మూడుసార్లు చేసింది. శభాష్ తల్లీ, నువ్వు మా ఇంటి దీపం.

మార్కుల మెమో ఫోటో కింద పెట్టాను.

ఒంగోలు మావయ్య
కంగ్రాట్స్ బావగారూ! లెక్కల్లో వందకి వంద అంటే మాటలా. అమ్మాయికి మా ఇంటిల్లిపాదీ ఆశీస్సులు. స్వీట్లు ఎప్పుడు?

కూకట్‌పల్లి అమ్మ
శుభాకాంక్షలండీ. చదువుతుంటేనే కళ్లు చెమర్చాయి. ఒక్క చిన్న మాట, ఏమీ అనుకోకండి. మెమో ఫోటోలో హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, స్కూలు పేరు అన్నీ కనిపిస్తున్నాయి. మా అక్క కూతురిది ఇలాగే గ్రూపుల్లో తిరిగింది. రెండ్రోజుల్లో "మీ అమ్మాయికి స్కాలర్‌షిప్ శాంక్షన్ అయింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఫోన్. పేరు, మార్కులు, నాన్న పేరు అన్నీ కరెక్టుగా చెప్పేసరికి మా అక్క నమ్మేసింది. ఫోటో తీసేసి మార్కులు టైపు చేస్తే చాలు, ఎలాగూ మీరు టైపు చేశారు.

బంగారుతల్లి నాన్న
తీసేశానమ్మా. మీరు చెప్పింది నిజమే అనిపిస్తోంది. పొద్దున్నించి ఏవో కాలేజీల వాళ్లు ఏడెనిమిది మంది చేశారు. అందరికీ అమ్మాయి పేరు తెలుసు. ఒకాయనైతే "హాస్టల్ ఫ్రీ, బట్టలు ఫ్రీ, రేపే కారు పంపిస్తాం" అన్నాడు. నా నంబరు వీళ్లకి ఎవరిచ్చారో!

డల్లాస్ బాబాయ్
Congrats అని తెలుగులో ఎలా టైపు చేయాలో వెతుక్కునేలోపు పదిమంది చెప్పేశారు. అభినందనలు! ఇంతకీ ఆల్ ఇండియా ర్యాంకు ఎంత? ఐఐటీ ఏ బ్రాంచి వస్తుంది?

ఒంగోలు మావయ్య
బాబాయ్, అది పదో తరగతి. జేఈఈ కాదు. 😀

డల్లాస్ బాబాయ్
ఓ, పదా. మా రోజుల్లో పదిలో 500 దాటితే ఊళ్లో మేళం పెట్టేవాళ్లు. సరే, ఇంకోసారి అభినందనలు.

స్పాట్ మాష్టారు
అమ్మాయికి శుభాశీస్సులు. నేను సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. చాలా ఏళ్లు స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లాను, కొన్నేళ్లు చీఫ్ ఎగ్జామినర్‌గా కూడా చేశాను. అందుకే మీ మార్కుల వరుసలో సోషల్ 90 దగ్గర నా కన్ను ఆగింది. మిగతా అయిదూ 97కి తగ్గలేదు. అమ్మాయి ఏమంటోంది? పరీక్ష బాగా రాశానంటోందా? ప్రీఫైనల్‌లో సోషల్ ఎంత?

బంగారుతల్లి నాన్న
మాష్టారూ నమస్కారం. భలే పట్టారు. ఇంట్లో అదే గొడవ. పిల్ల ఆ సోషల్ మార్కు చూసి అన్నం కూడా సరిగ్గా తినలేదు. ప్రీఫైనల్లో 96. "నాన్నా, ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు" అంటోంది. 583 వచ్చినందుకు సంతోషించక ఏంటే అని వాళ్లమ్మ కేకలేసింది.

రాజమండ్రి రాజు
అన్నా, రీకౌంటింగ్ పెట్టించు. సబ్జెక్టుకి 500. ముందు రీకౌంటింగ్ పెట్టాలి, అందులో రాకపోతే అప్పుడు రీవెరిఫికేషన్. మా తమ్ముడికి పెట్టించాం కాబట్టి చెప్తున్నా. పోయేదేముంది, పేపరు మళ్లీ కొత్తగా దిద్దుతారు.

స్పాట్ మాష్టారు
రాజు గారూ, ఫీజు మీరు చెప్పింది సరే. కానీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టాల్సిన పని లేదు. రీకౌంటింగ్ 500, రీవెరిఫికేషన్ 1000, రెండూ సబ్జెక్టుకే. రీవెరిఫికేషన్ పెట్టినవాళ్లు రీకౌంటింగ్ విడిగా పెట్టక్కర్లేదు, కూడిక చూడటం అందులోనే ఉంటుంది. పైగా దిద్దిన జవాబు పత్రం నకలు చేతికొస్తుంది. గడువు కొద్దిరోజులే ఉంటుంది కాబట్టి 500 కట్టి, ఫలితం కోసం కూర్చుని, ఆ తర్వాత 1000 కడదామనుకుంటే రెండో తలుపు మూసుకుపోతుంది.

ఇక "కొత్తగా దిద్దుతారు" అన్నది కాదు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. రీవెరిఫికేషన్‌లో చూసేవి ఇవే: కూడిక సరిగ్గా ఉందా, లోపల వేసిన మార్కులు ముందు పేజీ పట్టికలోకి ఎక్కాయా, దిద్దకుండా వదిలేసిన జవాబు ఏదైనా ఉందా. వదిలేసింది కనిపిస్తే అప్పుడు దాన్ని దిద్ది మార్కులు వేస్తారు. అంతేగానీ, ఎనిమిదికి ఆరు వేసిన చోట "ఏడు వేయొచ్చు కదా" అంటే వినరు. ఆరు వేశారంటే ఆరే.

అందుకే పెట్టాలా వద్దా అన్నది తేల్చుకునే ముందు ఆ పది మార్కులు ఎలా పోయి ఉంటాయో ఊహించాలి. సోషల్ పేపర్లో 33 ప్రశ్నలు. 12 ఒక మార్కువి, 8 రెండు మార్కులవి, 8 నాలుగు మార్కులవి, 5 ఎనిమిది మార్కులవి. బాగా చదివే పిల్లకి మామూలుగా మార్కులు పోయేది ఎనిమిది మార్కుల ప్రశ్నల్లో, అదీ ఒకటి, అర చొప్పున. అలా అయిదు ప్రశ్నల్లో రెండేసి పోయి పది తగ్గిందనుకోండి, అది దిద్దినాయన చేతి బిగువు. దానికి రీవెరిఫికేషన్ దండగ. అలా కాకుండా ఎనిమిది ఒక్కచోటే ఊడిపోయి మిగతా రెండు అక్కడా ఇక్కడా పోయాయనుకోండి, అది వదిలేసిన ప్రశ్న. మీ అమ్మాయి తీరు చూస్తే నాకు రెండోదే అనుమానం. ఊహే, హామీ కాదు.

అమ్మాయిని ఒక్కటి అడగండి. ఎనిమిది మార్కుల ప్రశ్నలు వరుసలో రాసిందా, వెనకా ముందూ చేసిందా? మధ్యలో పేజీలేమైనా ఖాళీగా వదిలిందా?

కూకట్‌పల్లి అమ్మ
మాష్టారూ, మధ్యలో దూరుతున్నాను. మా అబ్బాయిది సీబీఎస్ఈ. వాడికి లెక్కల్లో తగ్గితే మేమూ ఇదే ఆలోచిస్తున్నాం. మా దాంట్లో ఈ ఏడాది నుంచి ముందు జవాబు పత్రం నకలు తీసుకుని, చూసుకుని, ఆ తర్వాత వెరిఫికేషనో రీఇవాల్యుయేషనో కోరుకోవాలట. ఒక్క మార్కు తగ్గినా తగ్గించేస్తారని రాశారు. అది చదివి మా ఆయన వద్దంటున్నారు. మీ స్టేట్ బోర్డులో టాపర్ల జాబితా ఇస్తారా? సీబీఎస్ఈ అయితే మెరిట్ లిస్టు ఇవ్వడం మానేసింది, సబ్జెక్టుల్లో పై 0.1 శాతానికి మాత్రం మెరిట్ సర్టిఫికెట్ ఇస్తుంది.

స్పాట్ మాష్టారు
అమ్మా, సీబీఎస్ఈలో నిజంగానే మళ్లీ దిద్దించుకునే దారి ఉంది, మాకు పదిలో లేదు. రెండూ కలిపేసుకుంటే తికమక. మీరు ఎలాగూ నకలు ముందే చూస్తారు కాబట్టి ఆ నకలు మీ అబ్బాయి లెక్కల సారుకి చూపించి అప్పుడు తేల్చుకోండి.

జాబితా సంగతి: పదికి బోర్డు ఇచ్చే ర్యాంకులంటూ ఏమీ లేవు. మండలం ఫస్టు, జిల్లా ఫస్టు అన్నవన్నీ టీచర్ల గ్రూపుల్లో, ఎంఈఓ ఆఫీసుల్లో మార్కులు పోల్చుకుని చెప్పుకునేవే.

వాస్తవం చెప్తా
ర్యాంకులు ప్రచారం చేయడం నేరం. ఫ్లెక్సీ వేసినా, ఇలా పోస్టు పెట్టినా మూడు నుంచి ఏడేళ్లు జైలు. జీవో ఉంది. చూసుకోండి అందరూ.

ఒంగోలు మావయ్య
అయ్య బాబోయ్, కూతురు ఫస్టొస్తే నాన్న జైలుకా!

స్పాట్ మాష్టారు
జీవో ఉన్న మాట నిజమే, 2021లో వచ్చింది. పరీక్షల అక్రమాల నివారణ చట్టం కింద ఆ శిక్షలు చెప్పిన మాటా నిజమే. అయితే అది వచ్చింది విద్యాసంస్థలు "ఫస్టు ర్యాంకు మాదే, ఫస్టు ర్యాంకు మాదే" అని టీవీల్లో, పేపర్లలో మోత మోగించి అడ్మిషన్లు లాగుతున్నందుకు. కన్నతండ్రి నా బిడ్డకి ఇన్ని మార్కులు అని సంతోషపడితే పట్టుకెళ్లడానికి కాదు. ఇప్పుడు కూడా పేపరు తిరగేస్తే ఆ ప్రకటనలు ఎన్ని కనిపిస్తాయో నేను చెప్పక్కర్లేదు.

బంగారుతల్లి నాన్న
మాష్టారూ, అమ్మాయిని అడిగాను. ఎనిమిది మార్కుల ప్రశ్నల్లో ఒకటి టైము చాలదేమోనని చివరికి పెట్టుకుందట. దానికోసం ముందే రెండు పేజీలు వదిలిందట. తీరా అది ఆ రెండు పేజీల్లో పట్టదనిపించి వెనక పేజీల్లో రాసిందట. అంటే మధ్యలో రెండు పేజీలు తెల్లగా ఉండిపోయాయి. కొట్టేసిందా అంటే గుర్తులేదంటోంది.

స్పాట్ మాష్టారు
అదీ సంగతి. 24 పేజీల బుక్‌లెట్. ఒక్కొక్కరికి రోజుకి 40 పేపర్లు. పొద్దున సగం, మధ్యాహ్నం సగం. నిండుగా రాసిన పేపరు తిప్పుకుంటూ వెళ్తుంటే రెండు తెల్ల పేజీలు రాగానే "అయిపోయింది" అని మూసేసే చేయి ఉంటుంది. తర్వాత స్పెషల్ అసిస్టెంటు కూడిక చూస్తారు. ఆయన చూసేది వేసిన మార్కుల కూడిక, వేయని మార్కులు కాదు. చీఫ్ ఎగ్జామినర్ అన్ని పేపర్లూ చివరి పేజీ దాకా తిప్పలేరు. తప్పని చెప్పట్లేదు, ఒప్పని కూడా చెప్పట్లేదు. ఇలా జరుగుతుంది. మ్యాపు విడిగా కట్టిన పేపర్లలో కూడా ఇదే గతి, దారం ఊడి మ్యాపు వెనక్కి మడతపడితే మార్కు పడదు.

నా సలహా: రీవెరిఫికేషన్, ఒక్క సోషల్‌కే. ఇంగ్లీషు 97కి పెట్టకండి, అక్కడ పోయిన మూడు మార్కులు చేతి బిగువే.

హెడ్మాస్టరు గారి లాగిన్ నుంచే దరఖాస్తు వెళ్లాలి. మీ ఫోన్లోంచి మీరు పెట్టేది కాదు. ఎవరైనా "నేను ఆన్‌లైన్లో పెట్టిస్తా, 1500 ఇవ్వండి" అంటే నమ్మకండి. రేపే స్కూలుకి వెళ్లండి, సర్వర్ చివరిరోజు మొరాయిస్తుంది.

రాజమండ్రి రాజు
మాష్టారూ, మార్కులు తగ్గే ప్రమాదం లేదా? 583 కాస్తా 580 అయితే?

స్పాట్ మాష్టారు
కూడిక తప్పు ఉంటే అది రెండు వైపులా ఉండొచ్చు కదా రాజు గారూ. ఈ ఏడాది నోటిఫికేషన్లో ఏం రాశారో చదివి సంతకం పెట్టండని చెప్తాను. ఈ అమ్మాయి విషయంలో మాత్రం నేనైతే వెనకాడను.

నూజివీడు పాత స్టూడెంట్
అన్నా, నేను నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివాను, మాది కూడా జెడ్పీ స్కూలే. అమ్మాయికి ట్రిపుల్ ఐటీ ఆలోచన ఉంటే ఆ వెయ్యి తప్పకుండా పెట్టండి. అక్కడ ఎంట్రన్స్ ఉండదు. పది మార్కులే ఎంట్రన్స్. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు ఒకేచోట. నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళం, మీ ఒంగోలు, నాలుగు క్యాంపస్‌లు. మెరిట్ ఎంత పైనుంటే కోరుకున్న క్యాంపస్ దొరికే అవకాశం అంత ఎక్కువ.

ఇంకోటి. హాస్టల్ లేని గవర్నమెంట్, జెడ్పీ, మున్సిపల్ స్కూళ్ల పిల్లలకి 4 శాతం డిప్రివేషన్ స్కోరు కలుపుతారు. అందుకే ప్రైవేటు స్కూల్లో 590 వచ్చిన పిల్లతో మీ అమ్మాయి పోటీలో ఉంటుంది. మెరిట్ సమానమైతే ముందు లెక్కల మార్కు చూస్తారు. వంద ఉంది కాబట్టి అక్కడ మీకు ఢోకా లేదు. ఆ తర్వాత సైన్సు, ఇంగ్లీషు, ఆ తర్వాతే సోషల్. అందుకని ఈ సోషల్ ఏడెనిమిది మార్కులు మొత్తంలోనే పనికొస్తాయి. కానీ అక్కడ ఒక్క మార్కు దగ్గర ఎంతమంది గుమిగూడి ఉంటారో చూస్తే మీకే అర్థమవుతుంది.

బంగారుతల్లి అమ్మ
నేను వాళ్లమ్మని. ఆయన ఫోన్లోంచే రాసేదాన్ని, ఇప్పుడు నా పేరుతో పెట్టుకున్నా. అందరికీ దండాలు. తమ్ముడూ, పదిహేనేళ్ల పిల్లని ఆరేళ్లు హాస్టల్లో ఎలా పెట్టను? ఒక్కరోజు వాళ్ల అమ్మమ్మ ఊరెళ్తేనే రాత్రి ఫోన్ చేసి ఏడుస్తుంది. ఒంగోలు క్యాంపస్ అయితే ఆదివారం వెళ్లి చూసి రావొచ్చా?

నూజివీడు పాత స్టూడెంట్
అక్కా, మొదటి రెండు నెలలు ఏడుపే, నిజం చెప్తున్నా. మా రూములో నలుగురం ఏడ్చాం. తర్వాత సెలవులకి ఇంటికి రమ్మంటే వెళ్లబుద్ధి కాలేదు. చూడటానికి వెళ్లే రోజులూ పద్ధతులూ క్యాంపస్‌ని బట్టి మారుతుంటాయి, అక్కడే అడగండి. ఇంకోటి కూడా చెప్పాలి. డాక్టరు అవ్వాలని ఉంటే ఇటు రావద్దు, ఇది ఇంజినీరింగ్ దారి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి పీయూసీ తర్వాత మనసు మార్చుకుని చాలా ఇబ్బంది పడింది.

బంగారుతల్లి నాన్న
హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లొచ్చాను. ఆయన కూడా సోషల్ చూసి ఆశ్చర్యపోయారు. వెయ్యి కట్టించి రీవెరిఫికేషన్ పెట్టించారు. ట్రిపుల్ ఐటీకి కూడా అప్లై చేయమన్నారు, ఏ కాలేజీ కారూ ఎక్కొద్దన్నారు. ఫలితం వచ్చాక చెప్తాను. ఈలోగా మా ఊరి కుర్రాళ్లు బస్టాండులో ఫ్లెక్సీ కట్టారు. అమ్మాయి సిగ్గుతో ఆ దారిన పోవడం మానేసింది.

వాస్తవం చెప్తా
ఫ్లెక్సీ అన్నారు కదా. నేను ముందే చెప్పా.

ఒంగోలు మావయ్య
జామీనుకి నేనొస్తా లేవయ్యా.

కూకట్‌పల్లి అమ్మ
పేపర్లో చదివాను, ఈసారి ఆంధ్రాలో అమ్మాయిల పాస్ శాతం 84.09, అబ్బాయిలది 78.31 అట. మా ఇంట్లో ఉన్నది అబ్బాయి, ఆ వార్త వాడికి కనబడకుండా దాచాను. కాకినాడ అమ్మాయికి 600కి 600 వచ్చిందని కూడా రాశారు. తెలుగులో వందకి వంద ఎలా వేస్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

స్పాట్ మాష్టారు
అమ్మా, ఈ రోజుల్లో ప్రశ్నలు చిన్నవైపోయాయి, వాల్యుయేషన్‌కి ఇచ్చే కీ కూడా పాయింటుకింత అని ఉంటుంది. పాయింట్లన్నీ ఉంటే మార్కు కోయడానికి చోటుండదు. మా కాలంలో వ్యాసానికి పదికి ఏడు వేస్తే ఆ పేపరు స్టాఫ్‌రూములో అందరికీ చూపించేవాళ్లం. ఏది మంచిదో నేను తేల్చలేను.

బంగారుతల్లి నాన్న
(కొత్త సంగతి, అందరూ చదవండి)
మాష్టారి కాళ్లకి మొక్కాలి. రీవెరిఫికేషన్ వచ్చింది. సోషల్ 90 కాదు, 97. మొత్తం 590!

నకలు కూడా వచ్చింది. మాష్టారు చెప్పినట్టే. రెండు తెల్ల పేజీలు, వాటి తర్వాత ఎనిమిది మార్కుల జవాబు నిండా రాసి ఉంది, దాని మీద ఎర్ర ఇంకు చుక్క కూడా లేదు. ముందు పేజీ పట్టికలో ఆ ప్రశ్న గడి ఖాళీ. ఇప్పుడు దానికి ఏడు వేశారు. మిగతా పేపరంతా కలిపి పిల్ల పోగొట్టుకున్నది రెండే మార్కులు.

సంతోషంతో పాటు కోపం కూడా వచ్చింది. వెయ్యి రూపాయలు లేనివాడి సంగతేంటి? అసలు ఇలా చెప్పే మాష్టారు లేనివాడి సంగతేంటి?

స్పాట్ మాష్టారు
తల్లీ, శతమానం భవతి. కోపం సబబే. పేపర్లలో చూశారుగా, ఈసారి రీవెరిఫికేషన్‌లో వేలమంది మార్కులు మారాయి, దిద్దిన వాళ్లలో కొందరిని సస్పెండ్ కూడా చేశారు. సస్పెండ్ చేస్తే ఆయనొక్కడికి భయం పుడుతుంది. రోజుకి 40 పేపర్లు మాత్రం 40గానే ఉంటాయి. తెల్ల పేజీ కనబడితే చివరిదాకా తిప్పాలని క్యాంపులో మొదటిరోజే చెప్తాం. మూడోరోజు మధ్యాహ్నానికి అది ఎంతమందికి గుర్తుంటుందో నాకు తెలుసు.

వచ్చే ఏడాది పది రాసే పిల్లలున్నవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తర్వాత రాద్దామని పేజీలు వదలొద్దు. ప్రశ్న నంబరు పెద్దదిగా వేసి ఏ వరుసలో రాసినా నష్టం లేదు. పేజీ మిగిలితే అడ్డంగా గీత కొట్టి, కింద "వెనక చూడుడు" అని రాయండి.

నూజివీడు పాత స్టూడెంట్
సూపర్ అన్నా! ట్రిపుల్ ఐటీ అప్లికేషన్లో పాత మార్కులు పడి ఉంటే కొత్తవి ఎక్కించుకోండి, మీ హెడ్మాస్టరు గారిని ఇవాళే అడగండి. వాళ్లంతట వాళ్లే మారుస్తారని కూర్చోవద్దు. కొత్త మెమో ప్రింటు దగ్గర పెట్టుకోండి.

ఒంగోలు మావయ్య
ఆగండాగండి. 590 అంటే పక్క ఊరి అమ్మాయి 586 కంటే ఎక్కువ. మండలం ఫస్టు మనదే! ఫ్లెక్సీ మార్పించండి బావగారూ. ఖర్చు నాది.

బంగారుతల్లి నాన్న
అదే మొదలైంది మావయ్యా. ఊళ్లో కుర్రాళ్లు కొత్త ఫ్లెక్సీ డిజైను కూడా చేయించేశారు, "మండల ప్రథమ" అని. విలేకరి ఒకాయన ఫోన్ చేశాడు. పైగా మండలాల వారీగా టాపర్లకి షైనింగ్ స్టార్స్ అని 20 వేలు, మెడల్ ఇస్తున్నారు కదా, ఆ జాబితాలో ఏ మార్కులు పట్టుకున్నారో తెలియదు. అడగనా వద్దా? నాకైతే అడగాలనే ఉంది. పిల్ల కష్టం.

బంగారుతల్లి అమ్మ
నాకు ఫ్లెక్సీ ఇష్టం లేదు. ఆ పిల్లని వాళ్ల ఊళ్లో మేళతాళాలతో ఊరేగించారు. ఇప్పుడు మనం వెళ్లి నువ్వు కాదు మా పిల్ల అంటే ఆ తల్లికి ఎలా ఉంటుంది? 20 వేలు అడగడం వేరే సంగతి, అది న్యాయంగా రావాల్సింది అయితే అడుగుదాం. ఫ్లెక్సీ మాత్రం వద్దు. ఈయన వినట్లేదు, మీరైనా చెప్పండి.

రాజమండ్రి రాజు
అక్కా, మీరు మరీ మెత్తన. మనం ఎవరిదీ లాక్కోవట్లేదు. మన మార్కులు మనం చెప్పుకుంటున్నాం.

కూకట్‌పల్లి అమ్మ
నేను అక్క పక్షం. మార్కులు రాయండి, "ప్రథమ" తీసేయండి. 590 అని ఉంటే లెక్క తెలిసినవాళ్లకి అదే తెలుస్తుంది.

కొండకింద పల్లె
నమస్తే అండి. ఈ పోస్టు మా టీచర్ల గ్రూపులో తిరుగుతుంటే చూశాను. ఆ 586 అమ్మాయి మా మేనకోడలు. ముందుగా మీ అమ్మాయికి మా అభినందనలు, మనస్ఫూర్తిగా చెప్తున్నా. ఫ్లెక్సీ మీరు కట్టుకోండి, మాకేం బాధ లేదు. మా బాధ వేరే. మా పిల్లకి ఇంగ్లీషులో 91 వచ్చింది. ప్రతి పరీక్షలో 97, 98 తెచ్చుకునే పిల్ల. మేము రీవెరిఫికేషన్ అంటే ఫెయిలైనవాళ్లకి అనుకున్నాం. మండలం ఫస్టు వచ్చిందిగా, ఇంకెందుకు అని ఊరుకున్నాం. ఇప్పుడు గడువు అయిపోయింది. మాష్టారూ, ఏమైనా దారి ఉందా?

స్పాట్ మాష్టారు
బాబూ, గడువు దాటాక స్కూలు లాగిన్‌లో ఆ ఆప్షనే తెరుచుకోదు. జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో అర్జీ ఇచ్చి చూడండి. ఇస్తారని చెప్పలేను. మీ హెడ్మాస్టరు గారిని వెంట తీసుకెళ్లండి, ఒక్కరే వెళ్తే గేటు దగ్గరే తిప్పి పంపుతారు. ఇంగ్లీషులో తొమ్మిది పోవడం వదిలేసిన ప్రశ్న వల్లో కాదో పేపరు చూడకుండా చెప్పలేను. సోషల్‌లాగా లెక్క కట్టడం ఇంగ్లీషులో కుదరదు, అక్కడ ముక్కలు ముక్కలుగా పోతాయి.

బంగారుతల్లి నాన్న
తమ్ముడూ, మీ ఊరు మాకు నాలుగు కిలోమీటర్లు. డీఈఓ ఆఫీసుకి వెళ్లే రోజు చెప్పు, నేనూ వస్తాను. మాకు వచ్చిన నకలు, పాత మెమో, కొత్త మెమో తెస్తాను. ఇలా జరుగుతుందని చూపించడానికి పనికొస్తాయి. ఫ్లెక్సీ సంగతి మా ఆవిడ తేల్చేసింది, వేయట్లేదు. కుర్రాళ్లు అలిగారు.

డల్లాస్ బాబాయ్
ఇప్పుడే మొత్తం చదివాను. అయితే అమ్మాయి ట్రిపుల్ ఐటీనా, ఇంటరా? ఏం తేల్చారు?

బంగారుతల్లి అమ్మ
కౌన్సెలింగ్ పిలుపు వస్తే వెళ్లి ఒంగోలు క్యాంపస్ చూసొస్తానంది బాబాయ్ గారూ. చూశాక చెప్తానంది. వాళ్ల నాన్న అప్పుడే పెట్టె కొన్నాడు.